ఒప్పందంలో ఒక లెక్క, అనెక్సర్‌లో ఇంకో లెక్క: డిస్క్రిపెన్సీ రిపోర్టు పెట్టిన నా అనుభవం

నేను విశాఖపట్నం ఆటోనగర్‌లో ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షాపులో అకౌంట్స్, బిల్లింగ్ చూస్తాను. కాంట్రాక్టు కాగితాలు కూడా నా నెత్తినే. 2025లో అచ్యుతాపురం దగ్గర ఒక గోడౌన్ షెడ్డుకి స్ట్రక్చరల్ స్టీల్ పని మాకు సబ్‌కాంట్రాక్టుగా వచ్చింది. 240 టన్నులు, స్టీల్ పని ఇచ్చిన కంపెనీదే, కోత, వెల్డింగ్, పెయింటింగ్, ఎరెక్షన్ మావి, టన్నుకి 26,000. పని మాకే ఇస్తున్నామని చెప్పే ఎల్‌ఓఐ లెటర్ జూన్ 2న ఇచ్చారు. అసలు కాంట్రాక్టు డ్రాఫ్ట్ మాత్రం జూలై 7న వచ్చింది, "వారంలోగా సంతకం చేసి పంపండి" అని ఒక లైను మెయిల్‌తో.

మామూలుగా మా ఓనర్ గారు రేటు చూసి, పేమెంట్ ఎన్ని రోజులకో చూసి, సంతకం పెట్టేస్తారు. ఈసారి ఎందుకు ఆగాం అంటే బ్యాంకు వల్ల. పని సరిగ్గా చేస్తామని మా తరఫున బ్యాంకు ఇచ్చే పెర్ఫార్మెన్స్ గ్యారంటీ కోసం డ్రాఫ్ట్ తీసుకుని గాజువాకలో మా బ్రాంచికి వెళ్తే, అక్కడి ఆఫీసరు కాగితాలు తిరగేసి, "మేడం, లోపల కాంట్రాక్టు విలువ 64,20,000 అని ఉంది, రేట్ల అనెక్సర్‌లో టోటల్ 62,40,000 ఉంది, పది శాతం దేని మీద వేయాలి?" అన్నాడు. అక్కడే ఆగిపోయింది పని. ఒకటి తేడా ఉందంటే ఇంకా ఎన్ని ఉన్నాయో అనిపించి, తేడాలన్నీ రాసి డిస్క్రిపెన్సీ రిపోర్టుగా వాళ్లకి పంపుదామని, ఆ రాత్రి ఇంటికి కూడా డ్రాఫ్ట్ తెచ్చుకున్నాను.

ముందు ఎదురైన చిక్కు చాలా చిన్నది, కానీ సగం రోజు తినేసింది. ఒప్పందం మామూలు పీడీఎఫ్, అందులో వెతుక్కోవచ్చు. అనెక్సర్లు మాత్రం స్కాన్ చేసినవి, ఏదీ సెర్చ్‌కి దొరకదు. టైమ్ షెడ్యూల్ బార్ చార్ట్ అయితే పెద్ద షీటుని ఏ4కి కుదించి స్కాన్ చేశారు, చివరి తేదీ 30 నవంబరా, 20 నవంబరా అర్థం కాలేదు. క్లియర్ కాపీ కావాలని మెయిల్ పెడితే రెండు రోజులకి వచ్చింది. అది 30 నవంబరు 2025. వచ్చేదాకా మిగతావి చదువుతూ కూర్చున్నాను. మసకగా ఉన్న అంకెని ఊహించి రిపోర్టులో రాస్తే, అవతలివాళ్లు "అలా లేదే" అని ఆ ఒక్కటి పట్టుకుని మిగతా వాటిని కూడా పక్కన పెట్టేస్తారు. అందుకే ఆగాను.

చదివిన పద్ధతి చెప్తాను, ఎందుకంటే ఒప్పందం మొదటి పేజీ నుంచి వరసగా చదువుకుంటూ పోతే తేడాలు కనపడవు, నలభయ్యో పేజీకి వచ్చేసరికి పదో పేజీలో ఏముందో గుర్తుండదు. నేను ముందు అనెక్సర్లు చదివాను. అంకె, తేదీ, శాతం, "ఇన్ని రోజుల్లో" అనే మాట ఎక్కడ కనబడినా ఎక్సెల్‌లో ఒక వరస. విషయం, ఏ అనెక్సర్, ఏ పేజీ, అక్కడి మాటలు ఉన్నవి ఉన్నట్టు. తర్వాత ఒప్పందం చదువుతూ అదే విషయం ఎదురైనప్పుడు పక్క గడిలో క్లాజు నంబరు, అక్కడి మాటలు. పూర్తయ్యాక మా జూనియర్ కుర్రాడిని కూర్చోబెట్టి, వాడు ఒప్పందం పైకి చదువుతుంటే నేను షీటు చూసుకున్నాను. ఇది అనవసరం అనుకున్నాను కానీ, వేస్టేజ్ శాతం తేడా అప్పుడే దొరికింది. ఒప్పందంలో దాన్ని "మెటీరియల్ రికన్సిలియేషన్" కింద పెట్టారు, అనెక్సర్‌లో "స్క్రాప్" కింద. పేరు వేరు కాబట్టి కళ్లు దాటేశాయి.

చివరికి షీటులో చాలానే మిగిలాయి. కొన్ని ఉత్త టైపింగ్ పొరపాట్లు, చెప్పుకోదగ్గవి కావు. డబ్బు, టైము తినేవి నాలుగు.

మొదటిది ఆ కాంట్రాక్టు విలువ. 240ని 26,000తో గుణిస్తే 62,40,000, అంటే అనెక్సర్ కరెక్టు. ఒప్పందంలో 64,20,000 అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంది. తేడా 1,80,000. అకౌంట్స్ నేర్చుకునేటప్పుడు మాకు చెప్పేవారు, తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే పక్కపక్క అంకెలు తారుమారు అయ్యాయేమో చూడమని. ఇక్కడ 2, 4 అటూ ఇటూ అయ్యాయి. ఎవరో తప్పు టైపు చేశారు, ఆ తప్పు అంకెనే చూసి అక్షరాల్లో రాశారు. కాబట్టి అక్షరాలు చూసుకుంటే సరిపోతుంది అనుకోడానికి లేదు. రేటు, పరిమాణం గుణించి చూసుకోవాల్సిందే.

దీని మీద మా ఓనర్ గారితో కాసేపు వాదన అయ్యింది. "అదేటమ్మా, ఎక్కువుంటే మనకి మంచిదే కదా, మనమెందుకు చెప్పడం?" అన్నారు. నేను రెండు లెక్కలు చూపించాను. ఇది ఐటమ్ రేటు కాంట్రాక్టు, బిల్లు జాయింట్ మెజర్‌మెంట్ టన్నుల మీద 26,000 చొప్పునే వస్తుంది, పైన రాసిన టోటల్ ఎంతైనా ఆ 1,80,000 మనకి రాదు. కానీ గ్యారంటీ పది శాతం, ఆలస్యమైతే కోసే ఎల్‌డీ శాతం మాత్రం ఆ పైన రాసిన టోటల్ మీదే లెక్క కడతారు. అంటే రాబడి తక్కువ అంకె మీద, జరిమానా ఎక్కువ అంకె మీద. ఆయన ఒక నిమిషం ఏమీ అనలేదు, తర్వాత "రాసీ, రాసీ" అన్నారు.

రెండోది గడువు. నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఇదే. ఒప్పందంలో "ఎఫెక్టివ్ డేట్ నుంచి 150 రోజులు" అని ఉంది. ఎఫెక్టివ్ డేట్ అంటే ఏంటో వెనక్కి వెళ్లి నిర్వచనాల్లో చూస్తే ఎల్‌ఓఐ తేదీ, జూన్ 2. వేళ్ల మీద లెక్కపెట్టకుండా ఎక్సెల్‌లో వేశాను:

```
=DATE(2025,6,2)+150
```

30 అక్టోబరు వచ్చింది. అనెక్సర్ బార్ చార్ట్‌లో మాత్రం "జీరో డేట్ నుంచి 22 వారాలు" అని, జీరో డేట్ అంటే వాళ్లు మాకు మొదటి లాటు స్టీల్ ఇచ్చిన రోజు అని ఫుట్‌నోట్. అదే చార్ట్ చివర్లో 30 నవంబరు అని తేదీ. 22 వారాలంటే 154 రోజులు, 150 కాదు. ఆ రోజుకి స్టీల్ ఇంకా రానే లేదు, ఫోన్‌లో జూలై 21 అన్నారు. ఆ లెక్కన 154 రోజులు డిసెంబరు 22కి తేలుతుంది. ఒకే పనికి ఒకే కట్ట కాగితాల్లో మూడు ముగింపు తేదీలు. పైగా ఒప్పందం ప్రకారం చూస్తే, డ్రాఫ్ట్ మా చేతికి వచ్చేసరికే 35 రోజులు కరిగిపోయాయి, ఒక్క ప్లేటు కూడా మా యార్డులోకి రాకుండా.

విశాఖలో ఉన్నవాళ్లకి అక్టోబరు, నవంబరు అంటే ఏంటో చెప్పక్కర్లేదు. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న ఇక్కడే తీరం దాటింది. అంత పెద్ద తుపాను రాకపోయినా, వాయుగుండం పడిందంటే గాలికి క్రేన్ పెట్టలేం, తడి మీద పెయింట్ వేయలేం. గడువు అక్టోబరు 30 అయితే ఎరెక్షన్ అంతా సరిగ్గా ఆ రోజుల్లోకి వస్తుంది.

దానికి తోడు ఎల్‌డీ రేటు కూడా రెండు చోట్ల రెండు రకాలు. ఒప్పందంలో వారానికి అర శాతం, గరిష్ఠం 5 శాతం. స్పెషల్ కండిషన్స్ అనెక్సర్‌లో వారానికి 1 శాతం, గరిష్ఠం 10. ఈ రెండు తేడాలు విడివిడిగా చూస్తే మామూలుగానే ఉంటాయి, కలిపి లెక్క వేస్తేనే భయం వేస్తుంది. పని డిసెంబరు 22న ముగిసింది, వాళ్లు అక్టోబరు 30 నుంచి లెక్క కట్టారు అనుకోండి. 53 రోజులు, "వారం లేదా అందులో భాగం" అని రాసి ఉంది కాబట్టి 8 వారాలు. అర శాతం చొప్పున 62,40,000 మీద 2,49,600. ఒక శాతం చొప్పున 4,99,200. ఈ పనిలో మాకు మిగులుతుందని వేసుకున్నదే సుమారు ఐదు లక్షలు. అంటే అనుకున్న టైముకే పని చేసి, లాభం మొత్తం ఎల్‌డీకి కట్టడం. ఈ నాలుగు లైన్ల లెక్కనే రిపోర్టులో "ప్రభావం" గడిలో పెట్టాను. అవతలి మేనేజర్ గారు తర్వాత అన్నారు, ఆ గడి చూశాకే పూర్తిగా చదివానని.

మూడోది వేస్టేజ్. ఒప్పందంలో 3 శాతం, అనెక్సర్‌లో 2 శాతం. దాటిన స్టీల్‌కి మార్కెట్ రేటుకి ఒకటిన్నర రెట్లు కోస్తారు. ఒక శాతం అంటే 2.4 టన్నులు, టన్ను 60,000 అనుకుంటే 2,16,000.

నాలుగోది అన్నిటికంటే విచిత్రం, ఇది చూశాక మాకు తెలిసిన అడ్వకేట్ గారి దగ్గరికి వెళ్లక తప్పలేదు. ఏదైనా తేడా వస్తే ఏది చెల్లుతుందో చెప్పే క్లాజు ఉంటుంది కదా, అది ఉంది కాబట్టి ఫర్వాలేదు అనుకుంటాం. ఇక్కడ అది కూడా రెండు చోట్ల ఉంది. ఒప్పందం 2.3లో "అనెక్సర్ల కంటే ఈ ఒప్పందమే చెల్లుతుంది" అని. స్పెషల్ కండిషన్స్ మొదటి పేరాలో "వైరుధ్యం ఉంటే ఈ ప్రత్యేక షరతులే చెల్లుతాయి" అని. కోడలు అత్తదే మాట అంటే, అత్త కోడలిదే మాట అన్నట్టు కాదు, ఇద్దరూ నాదే మాట అన్నట్టుంది. ఇది చాలక ఇంకో క్లాజులో "తేడా వచ్చినప్పుడు ఏది ఎక్కువ కఠినమో అది, కంపెనీ నిర్ణయం ప్రకారం" అని. ఈ మూడోది ఉన్నంతవరకు పై రెండింటిలో ఏది గెలిచినా మాకు తేడా లేదు. ఎల్‌డీ 1 శాతం, గడువు అక్టోబరు 30, వేస్టేజ్ 2, అన్నీ కఠినమైనవే తగులుతాయి.

అడ్వకేట్ గారు ఒక్కసారి చదవడానికి పన్నెండు వేలు తీసుకున్నారు. ఆయన చెప్పినవాటిలో రెండు విషయాలు రిపోర్టు రూపాన్నే మార్చాయి. ఒకటి, ఒక చోట చెప్పి ఇంకో చోట చెప్పకుండా వదిలేస్తే అది వైరుధ్యం కాదు, చెప్పిందే చెల్లుతుంది. నా షీటులో అలాంటివి చాలా ఉన్నాయి, ఉదాహరణకి లైటింగ్ ఖర్చు మాదని అనెక్సర్‌లో మాత్రమే ఉంది. వాటిని రిపోర్టులోంచి తీసేసి "వివరణ కావలసినవి" అని వేరే పేజీ చేశాను. రెండు, ఎల్‌డీ గురించి. 1872 కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, దానికి లోబడి సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. "కానీ అమ్మా, వాళ్లు ముందు మీ బిల్లులోంచి కోసేసుకుంటారు, తర్వాత ఆ సెక్షన్ పట్టుకుని తిరగాల్సింది మీరే" అన్నారు. కాగితం మీద ఇప్పుడే సరి చేసుకోవడం చవక అని నాకు అర్థమైంది.

రిపోర్టు గడులు ఇలా పెట్టాను: వరస నంబరు, విషయం, ఒప్పందం క్లాజు, పేజీ, అక్కడి మాటలు, అనెక్సర్ పేజీ, అక్కడి మాటలు, ప్రభావం, మేము రేటు ఇచ్చినప్పుడు దేన్ని ఆధారం చేసుకున్నాం, మేము కోరే సవరణ పూర్తి వాక్యంగా, చివర మీ జవాబు అని ఖాళీ గడి. "ఆధారం" గడి చాలా పని చేసింది. మా కొటేషన్‌లో ఎల్‌డీ అర శాతం, గడువు స్టీల్ వచ్చిన రోజు నుంచి అని మేము రాసే ఇచ్చాం, ఆ కొటేషన్ తేదీ, పేజీ అక్కడ పెట్టాను. లేకపోతే "మీకు నచ్చింది ఎంచుకుంటున్నారు" అనేవాళ్లు. వేస్టేజ్ గురించి కొటేషన్‌లో ఏమీ లేదు, కాబట్టి ఆ గడిలో "ప్రస్తావన లేదు" అనే రాశాను, అబద్ధం రాయడం ఎందుకు.

ఓనర్ గారు ఇంకో కోరిక కోరారు, పనిలో పని అడ్వాన్స్ 5 శాతం నుంచి 10కి పెంచమని కూడా ఈ లిస్టులో పెట్టమని. ఒప్పుకోలేదు. అడ్వాన్స్ రెండు చోట్లా 5 అనే ఉంది, అందులో తేడా లేదు. ఒక్క బేరం కలిపినా మొత్తం రిపోర్టు బేరంలా కనబడుతుంది. కావాలంటే వేరే లెటర్ పెట్టండి అన్నాను, పెట్టారు, అది ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

జూలై 11 శుక్రవారం పంపాం. తర్వాత నిశ్శబ్దం. రిమైండర్లకి "లీగల్‌లో ఉంది" అని ఒక ముక్క. ఈలోపు జూలై 21న చెప్పినట్టే మొదటి లాటు స్టీల్ వచ్చేసింది, సైట్ ఇంజనీర్ రోజూ ఫోన్, కటింగ్ మొదలుపెట్టండి అని. నాకు ఈ రోజులే కష్టంగా గడిచాయి. పని ఆపితే మేమే ఆలస్యం చేసినట్టు అవుతుంది, మొదలుపెడితే డ్రాఫ్ట్ షరతులు ఒప్పుకుని మొదలుపెట్టామని అంటారేమో. చివరికి, "జూలై 11 నాటి రిపోర్టులోని అంశాలు తేలేవరకు వాటి మీద మా హక్కులు అలాగే ఉంచుకుంటూ పని మొదలుపెడుతున్నాం, మొదటి లాటు ఈరోజు అందింది" అని ఒక మెయిల్ పెట్టి, స్టీల్ చలానా స్కాన్ జత చేసి కటింగ్ మొదలుపెట్టించాం. ఆ చలానా తర్వాత బాగా పనికొచ్చింది, జీరో డేట్‌కి సాక్ష్యం అదే.

జూలై 25న సిరిపురంలో వాళ్ల ఆఫీసులో మీటింగ్. కాంట్రాక్ట్స్ మేనేజర్ గారు రావడం రావడమే, "మేడం, ఇదంతా పాత ప్రాజెక్టు ఫార్మాట్, అనెక్సర్లు అందులోంచి వచ్చినవి, మీరు అనవసరంగా సీరియస్‌గా తీసుకున్నారు" అన్నారు. "అయితే సార్, సరిచేయడం ఇంకా సులువు కదా" అన్నాను. నవ్వారు. విలువ వెంటనే మార్చారు. ఎల్‌డీ అర శాతం, గరిష్ఠం 5, ఒప్పుకున్నారు. గడువు స్టీల్ వచ్చిన రోజు నుంచే, కానీ 22 వారాలు కాదు 150 రోజులే అన్నారు, అంటే డిసెంబరు 18. నాలుగు రోజులు వదులుకున్నాం. వేస్టేజ్ మాత్రం కదల్లేదు, పై క్లయింట్ తమకే 2 ఇచ్చాడని కాగితం చూపించారు. ఓనర్ గారు ప్లేటు మీద ముక్కలు దగ్గర దగ్గరగా సర్ది కోసేలా జాగ్రత్తగా నెస్టింగ్ చేసుకుంటాం అని ఊరుకున్నారు. స్పెషల్ కండిషన్స్‌లోని ప్రాధాన్యత పేరా తీసేశారు. "ఏది కఠినమో అది" క్లాజు తీయనన్నారు, చాలా సేపు పట్టింది, చివరికి "నాణ్యత, భద్రతకి సంబంధించిన అంశాల్లో మాత్రమే" అనే మాటలు చేర్చారు. మాకు కావాల్సింది అదే.

లేచేముందు మేనేజర్ గారు, "మీ రిపోర్టులోనే జవాబు గడి నింపి మెయిల్ చేసేస్తాం, సంతకం పెట్టేయండి" అన్నారు. ఇక్కడ పడిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. ఒప్పందం చివర్లో, ఇంతకుముందు జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఈ ఒప్పందంతో రద్దు అనే క్లాజు ఉంది. మెయిల్‌లో ఎంత ఒప్పుకున్నా, తర్వాత తేదీతో పాత డ్రాఫ్ట్ మీద సంతకం పెడితే ఆ మెయిల్ ఈ క్లాజు కిందకే వస్తుంది. డ్రాఫ్ట్ లోపలే మార్చి ఇవ్వండి, లేదా నింపిన రిపోర్టుని కూడా ఒక అనెక్సర్‌గా చేర్చి అదే అన్నిటికన్నా ముందు అని రాయండి అన్నాను. లోపలే మారుస్తామన్నారు.

ఆగస్టు 4న సవరించిన డ్రాఫ్ట్ వచ్చింది. మారినవి మాత్రమే చూసి సంతకం పెట్టేద్దాం అన్నారు ఇంట్లోవాళ్లు సహా అందరూ, నాకూ విసుగొచ్చేసింది. అయినా మళ్లీ మొదటి నుంచి చూశాను. స్టీల్ రికన్సిలియేషన్ కోసం కొత్త క్లాజు ఒకటి మధ్యలో పెట్టారు, దాంతో కింద నంబర్లన్నీ ఒకటి జరిగాయి. ఎల్‌డీ 14 నుంచి 15 అయ్యింది. అనెక్సర్‌లో మాత్రం "క్లాజు 14 ప్రకారం ఎల్‌డీ" అనే ఉంది, ఇప్పుడు 14 అంటే ఇన్సూరెన్స్. ఇంకొకటి, గ్యారంటీ నమూనాలో చెల్లుబాటు తేదీ 30 నవంబరు 2026 అని పాతదే ఉండిపోయింది. లోపాలు బయటపడితే మేమే సరిచేయాల్సిన డిఫెక్ట్ లయబిలిటీ కాలం పని పూర్తయినప్పటి నుంచి 12 నెలలు కాబట్టి, డిసెంబరు 18న పూర్తయితే గ్యారంటీ 18 డిసెంబరు 2026 దాకా ఉండాలి. గడువులోగా పొడిగించకపోతే క్యాష్ చేసుకోవచ్చని అందులోనే రాసి ఉంది, అంటే వాళ్లు తప్పుగా రాసిన తేదీకి మా డబ్బు పోయే అవకాశం.

ఈ రెండూ ఆగస్టు 8న ఒకే పేజీలో, మొదటి రిపోర్టు నంబర్లకి కొనసాగింపుగా పంపాం. ఈసారి లీగల్ అని ఆపలేదు, మార్చిన పేజీలు త్వరగానే వచ్చాయి. ఆగస్టు 14న సంతకాలయ్యాయి, అనెక్సర్లతో సహా ప్రతి పేజీ మీదా రెండు వైపులా. తర్వాతి వారం ఆ కట్ట పట్టుకుని గాజువాక బ్రాంచికి వెళ్తే, అదే ఆఫీసరు విలువ, తేదీ రెండు చోట్లా వేలు పెట్టి చూసుకుని, 6,24,000కి గ్యారంటీ తయారుచేయడానికి ఫారం ఇచ్చాడు.